గదిలో గాలి సంగతి ముందు చూడు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కాకినాడ. ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి షికాగో వచ్చాను. ఇదే నా మొదటి చలికాలం. ఇంట్లోవాళ్లు పక్కన లేకుండా వచ్చిన మొదటి జలుబు కూడా ఇదే. ఇవాళ్టికి మూడో రోజు. నిన్న 99.6 జ్వరం ఉంది, ఇవాళ లేదు. ముక్కు దిబ్బడ, గొంతులో గరగర. రాత్రంతా నోటితో ఊపిరి తీసుకోవడం వల్ల తెల్లారేసరికి నాలుక అట్టలా అయిపోతోంది. ముక్కు చీదితే సన్నగా రక్తపు చార కనిపించింది. అమ్మ ఫోనులో రోజుకు మూడుసార్లు ఆవిరి పట్టమంటోంది, పెరుగు ముట్టొద్దంటోంది. నా రూమ్మేటు నాలుగు లీటర్ల నీళ్లు తాగమని, గదిలో తేమ పెంచే హ్యుమిడిఫయర్ కొనమని చెబుతోంది. ఎవరి మాట వినాలి? ఎన్ని రోజులు పడుకోవాలి? ఇలాంటివన్నీ ఇంతవరకు అమ్మే చూసుకునేది. నాకేమీ తెలియదు.
– ఒక విద్యార్థిని, షికాగో

జవాబు: మా చిన్నమ్మాయికన్నా చిన్నదానివి కాబట్టి నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరంలో నా దృష్టి నిలిచింది జలుబు మీద కాదు, అట్టలా అయిన నాలుక మీద, ఆ రక్తపు చార మీద. ఇదే ఉత్తరం కాకినాడ నుంచి వచ్చి ఉంటే తేమ గురించి ఒక్క మాట కూడా రాసేవాణ్ణి కాదు. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో, ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే ఉప్పు ముద్దయ్యే ఊళ్లో హ్యుమిడిఫయర్ కొనడం గోదావరిలో చెంబెడు నీళ్లు పోసినట్టే. షికాగో సంగతి వేరు. అక్కడ నీ జలుబు సగం వైరస్‌ది, సగం నీ గది గాలిది. వైరస్‌ను మనం ఏమీ చేయలేం, గాలిని మాత్రం మార్చగలం. అందుకే అమ్మ మాటనూ రూమ్మేటు మాటనూ కాసేపు పక్కన పెట్టి గాలితో మొదలుపెడతాను.

గాలి చల్లబడేకొద్దీ నీటి ఆవిరిని పట్టి ఉంచుకునే శక్తి తగ్గిపోతుంది. బయట సున్నాకు 10 డిగ్రీలు దిగువన, అంటే మీ లెక్కలో 14 ఫారన్‌హీట్ ఉందనుకో. ఆ చలిలో ఒక ఘనమీటరు గాలి నిండా తేమ నింపుకున్నా అందులో ఉండేది 2 గ్రాముల పైచిలుకు నీరే. ఆ గాలే తలుపు సందుల్లోంచి నీ గదిలోకి వచ్చి, హీటరు దగ్గర 22 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఆ వేడిలో అది 19 గ్రాముల నీటిని మోయగలదు, దాని దగ్గర ఉన్నది మాత్రం ఆ రెండు గ్రాములే. అంటే తేమ పన్నెండు శాతం. మీ ఊపిరి, వంట, స్నానం కలిసి దాన్ని ఇంకొంచెం పెంచుతాయి, అయినా ఇరవై దాటడం కష్టం. రోహిణి కార్తెలో వడగాలి వీచే మధ్యాహ్నం ఎంత పొడిగా ఉంటుందో అంత పొడి, వేడి ఒక్కటే లేదు. దుప్పటి లాగితే చిటపటమని రవ్వలు లేవడం, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమనడం నువ్వు ఈపాటికి గమనించే ఉంటావు. అదీ ఈ పొడితనం పనే.

అంత దాహంతో ఉన్న గాలి ఎక్కడ తడి దొరికితే అక్కడ తాగుతుంది. మామూలు రోజుల్లో మన ముక్కు లోపలి పొర ఆ నీటిని సరఫరా చేసి, గాలిని తడిపి, వెచ్చబరిచి ఊపిరితిత్తులకు పంపుతుంది. జలుబులో ఆ పొర వాచి దారి మూసుకుపోతుంది కాబట్టి ఆ చాకిరీ నోటి మీద పడుతుంది. నోటికి ఆ పని చేతకాదు. నాలుక అట్ట కావడం, గొంతు గరగర అందుకే. ఇక చీమిడి. దానిలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. పొడి గాలి ఆ నీటిని లాగేస్తే అది జిగురై, తర్వాత పెచ్చులై అంటుకుంటుంది. గట్టిగా చీదినప్పుడు పెచ్చు ఊడి, దాని కింద సన్నటి రక్తనాళం చిట్లుతుంది. నువ్వు చూసిన చార అదే అయి ఉంటుంది. భయపడకు. పడుకునే ముందు రెండు ముక్కు రంధ్రాల అంచున వాజిలిన్ పలుచగా రాసుకో, మందుల దుకాణంలో దొరికే ఉప్పునీటి స్ప్రే రోజుకు నాలుగైదుసార్లు కొట్టుకో, ఒక్కో వైపు మూసి మెల్లగా చీదు. ఒకవేళ రక్తం ధారగా వస్తే తల వెనక్కి వాల్చకూడదు. ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి.

ఇప్పుడు కొనాల్సిన వస్తువు. అది హ్యుమిడిఫయర్ కాదు, తేమ కొలిచే చిన్న మీటరు. హైగ్రోమీటర్ అంటారు. పది డాలర్ల లోపే వస్తుంది. దాన్ని కిటికీ గట్టు మీదా, వేడి గాలి వచ్చే జాలీ పైనా కాకుండా నీ తలగడ ఎత్తులో ఏ పుస్తకాల అర మీదో పెట్టు. రాత్రి తలుపు వేసిన గంట తర్వాత చూడు, పొద్దున లేవగానే ఇంకోసారి చూడు. ముప్పైకి పైన ఉంటే దేనికీ కంగారు పడనక్కర్లేదు. ఇరవైకి అటూ ఇటూ ఉంటే, బహుశా ఉంటుంది కూడా, దాన్ని ముప్పై అయిదు దగ్గరికి తీసుకురావడం నీ పని. యాభై దాకా పెంచమని ఎవరైనా చెబితే వినకు. ఆ మాట చలి తక్కువ ఉన్న ఊళ్లకు సరిపోతుంది. నీ ఊళ్లో బయట అంత చలి ఉన్నప్పుడు గదిలో తేమ ఎక్కువైతే అది కిటికీ అద్దం మీద నీళ్లై కారుతుంది. పొద్దున లేవగానే అద్దం అంచున కాస్త మంచు పట్టినట్టుంటే సరే. నీళ్లు ధారలు కట్టి గట్టు మీద నిలిస్తే మాత్రం ఆ రాత్రి ఎక్కువ పెట్టావని గుర్తు. చలి ఇంకా ముదిరిన రాత్రుల్లో ముప్పైతోనే సరిపెట్టుకోవాలి.

దీనికి నేనే సాక్షి. ఒకసారి డిసెంబరులో మా పెద్దమ్మాయి దగ్గరికి డెట్రాయిట్ వెళ్లాను. నాకు పొడి దగ్గు. ఆ వయసులో వైద్యుడినన్న ధీమా ఒకటి. హ్యుమిడిఫయర్‌ను కిటికీ పక్కన పెట్టి, మీట చివరిదాకా తిప్పి వారం రోజులు అలాగే పడుకున్నాను. ఎనిమిదో రోజు కర్టెను జరిపితే గోడ మూల నల్లటి బూజు. అమ్మాయి ఏమీ అనలేదు, అల్లుడు మాత్రం గోడ తుడుస్తూ నన్ను ఒకసారి చూశాడు. తగ్గుతుందనుకున్న దగ్గు ఎందుకు తగ్గలేదో అప్పుడు తెలిసింది.

ఎంత నీరు కావాలో ఒక్కసారి లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే దాని వల్ల డబ్బు మిగులుతుంది. నీ గది పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు అనుకుందాం. అది సుమారు 33 ఘనమీటర్లు. పదిహేను శాతం తేమను ముప్పై అయిదుకు తేవాలంటే ఒక్కో ఘనమీటరుకు దాదాపు 4 గ్రాముల నీరు చేర్చాలి. మొత్తం కలిపితే 130 గ్రాములు, ఒక టీ కప్పు. అంతేనా అనిపిస్తుంది. కానీ ఇల్లు సీసా కాదు. సందుల్లోంచి పాత గాలి పోతూ, పొడి గాలి వస్తూ ఉంటుంది. గంటకు గదిలో సగం గాలి మారుతుందనుకుంటే ఎనిమిది గంటల నిద్రకు ఇంకో నాలుగు టీ కప్పులు పోయాలి. పరుపు, కర్టెన్లు, గోడలు కూడా కొంత తాగుతాయి. అంటే రాత్రికి ముప్పావు లీటరు నుంచి లీటరు. గిన్నెలో నీళ్లు పోసి హీటరు పక్కన పెడితే మీటరులో అంకె ఎందుకు కదలదో ఇప్పుడు అర్థమవుతుంది. గిన్నె పైభాగం జానెడు, అక్కడి నుంచి రాత్రంతా ఎగిరేది చెంచాల లెక్కే.

తడి తువ్వాలు సంగతి వేరు. స్నానానికి వాడే పెద్ద తువ్వాలును తడిపి, నీళ్లు కారకుండా పిండి, కుర్చీ వీపు మీద పరిచి ఆరేయి. తెల్లారేసరికి ఆరిపోతుంది. దానిలో ఉన్న నీరంతా ఎక్కడికి పోయింది? నీ గదిలోకే. రెండు తువ్వాళ్లు ఆరేస్తే, లేదా ఉతికిన బట్టలు డ్రయ్యరులో వేయకుండా గదిలోనే దండెం కట్టి ఆరేస్తే యంత్రం చేసే పనిలో చాలాభాగం ఉచితంగా అయిపోతుంది. కరెంటుతో పనిచేసే చిన్న హీటరు మీద మాత్రం గుడ్డ వేయకూడదు, దగ్గర్లో కూడా ఉంచకూడదు, అంటుకుంటుంది. మొదటి రెండు రాత్రులు తువ్వాళ్లతో ప్రయత్నించి మీటరు చూడు. అంకె ముప్పై దాటితే హ్యుమిడిఫయర్ డబ్బులు నీ దగ్గరే ఉంచుకో.

దాటకపోతే రెండు లీటర్ల తొట్టి ఉన్న మామూలు యంత్రం చాలు. చల్లటి పొగమంచులా వదిలేవి చవక, కాలే భయమూ లేదు. వాటిలో ఒక చిక్కుంది. నీటిలో ఏముంటే దాన్ని కూడా అలాగే గాలిలోకి చిమ్ముతాయి. మీ కుళాయి నీరు మిషిగన్ సరస్సుది. తాగడానికి మంచిదే, కానీ అందులోని సున్నం తెల్లటి పొడిగా మారి నీ లాప్‌టాప్ మీదా, నీ ఊపిరితిత్తుల్లోనూ పడుతుంది. అందుకని కిరాణా దుకాణంలో గాలన్ల లెక్కన అమ్మే డిస్టిల్డ్ నీళ్లు తెచ్చి పొయ్యి. పొద్దున లేవగానే మిగిలిన నీళ్లు పారబోసి తొట్టిని తుడిచి ఆరనివ్వు. మూడు రోజులకోసారి తెల్ల వెనిగర్‌తో అడుగున పట్టిన పొర కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు తొలుచు. వేలు పెడితే జారుగా తగిలినా, గదిలో తడి సాక్సుల వాసన వచ్చినా, యంత్రం పెట్టిన రాత్రే దగ్గు ఎక్కువైనా ఆ రోజు దాన్ని ఆపేయాలి. మురికి తొట్టి వదిలే తేమకన్నా పొడి గాలే నయం. మంచానికి ఓ మీటరు దూరంలో ఎత్తు మీద పెట్టు. అందులో యూకలిప్టస్ నూనె, బామ్ వంటివి వేయకు. అలాంటి వాటికి ప్రత్యేకమైన అర ఉన్న యంత్రాలు వేరే ఉంటాయి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గదిలో తేమ పెంచినంత మాత్రాన జలుబు ఒక్క రోజు కూడా ముందు తగ్గదు. నాలుక అట్ట కట్టదు, పెచ్చులు కట్టవు, నిద్ర తెగిపోదు. దాని వల్ల ఒరిగేది అంతే, అదే చాలు.

ఇక మీ అమ్మగారి ఆవిరి. ఆవిరి పట్టినప్పుడు హాయిగా ఉంటుందన్నది నిజం, చీమిడి పలచబడి కారిపోతుంది, ఓ అరగంట ఊపిరి ఆడుతుంది. జబ్బు తొందరగా తగ్గుతుందనడానికి మాత్రం పరిశోధనల్లో గట్టి రుజువు దొరకలేదు. నాకు ఆవిరితో తగాదా లేదు, గిన్నెతోనే తగాదా. సలసల మరిగే నీళ్లు ఒళ్లో పెట్టుకుని, తల మీద దుప్పటి కప్పుకుని, కళ్లు మూసుకోవడం కన్నా ప్రమాదకరమైన వైద్యం మన ఇళ్లలో ఇంకొకటి లేదు. నా దగ్గరికి తొడలు కాలి వచ్చినవాళ్లలో సగం మంది చిన్నపిల్లలైతే, మిగిలినవాళ్లు ఆవిరి పడుతూ దగ్గు వచ్చి గిన్నె తన్నుకున్నవాళ్లే. నీకు పక్కన పట్టుకునేవాళ్లు కూడా లేరు. దానికి బదులు స్నానాల గదిలో తలుపు మూసి, గాలి బయటికి లాగే ఫ్యాను ఆపి, వేడినీళ్ల షవరు విప్పి పది నిమిషాలు అక్కడే ఉండు. పడుకోబోయే ముందు ఒక్కసారి చేస్తే చాలు, మూడుసార్లు అక్కర్లేదు. అయిపోయాక ఆ ఫ్యాను మళ్లీ వేయి, లేదంటే ఆ గదిలోనూ బూజు పడుతుంది. అమ్మతో ఆవిరి పట్టానని చెబితే అబద్ధం కాదు.

బామ్ గురించి కూడా అడుగుతావు. ఛాతీకి, మెడకు రాసుకో. అందులోని మెంథాల్ ముక్కును నిజంగా తెరవదు. చల్లదనం తెలిపే నరాలను తట్టి, గాలి బాగా ఆడుతున్నట్టు మెదడుకు అనిపింపజేస్తుంది. నిద్ర పట్టడానికి ఆ భ్రమ పనికొస్తుంది. ముక్కు లోపల మాత్రం పూయకు.

నీళ్ల విషయంలో మీ రూమ్మేటు మంచి మనసుతోనే చెప్పింది కానీ లెక్క తప్పింది. జలుబుకు మామూలుకన్నా ఎన్ని గ్లాసులు ఎక్కువ తాగాలో తేల్చిన పరిశోధన ఏదీ లేదు. తర్కం మాత్రం తేలిక. పొడి గాలిలో నోటితో ఊపిరి తీసుకుంటే కొంత నీరు పోతుంది, జ్వరం ఉంటే ఇంకొంత పోతుంది. ఆ పోయినది భర్తీ చేయాలి, అంతే. రోజూ తాగేదానికి రెండు మూడు గ్లాసులు అదనంగా చేరిస్తే సరిపోతుంది. చారు, మజ్జిగ, టీ అన్నీ లెక్కలోకే వస్తాయి. నాలుగు లీటర్లు తాగితే జలుబు కొట్టుకుపోదు. రాత్రి నాలుగుసార్లు లేవడం, నిద్ర చెడడం మిగులుతుంది. ఒకేసారి లీటర్లకు లీటర్లు బలవంతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం కూడా ఉంది. కొలగ్లాసుతో కాక మూత్రం రంగుతో చూసుకో. లేత నిమ్మరసం రంగులో ఉంటే బాగుంది. చిక్కటి పసుపులో, అదీ రోజుకు మూడుసార్లకన్నా తక్కువ వస్తుంటే నీళ్లు చాలడం లేదు. చలిదేశంలో ఒక మోసం ఉంటుంది. చెమట పట్టదు కాబట్టి దాహం తెలియదు. అందుకని దాహం కోసం ఎదురుచూడకుండా లేవగానే ఒక గ్లాసు, ప్రతి భోజనంతో ఒకటి, మధ్యలో వేడిగా ఒకటి అని అలవాటు పెట్టుకో. పడుకునే ముందు రెండు గంటలు తగ్గించు, మంచం పక్కన మాత్రం నీళ్ల సీసా ఉంచుకో, నోరెండితే ఒక గుక్క తాగడానికి.

ఏది తాగినా వేడిగా తాగితే హాయి ఎక్కువ. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జలుబు మీద పనిచేసే పరిశోధకులు 2008లో ఒక పండ్ల పానీయాన్నే వేడిగా కొందరికీ, గది వేడిమిలో కొందరికీ ఇచ్చి చూశారు. ముక్కులో గాలి ఆడడం కొలిస్తే ఇద్దరిలోనూ తేడా లేదు. కానీ వేడిది తాగినవాళ్లు గొంతునొప్పి, చలి, నీరసం తగ్గాయని చెప్పారు. మన మిరియాల చారు ఆ పని చేయడంలో దేనికీ తీసిపోదు. చింతపండు రసం, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి మరిగించు. అన్నంలోకి కాకుండా గ్లాసులో పోసుకుని ఊదుకుంటూ తాగు. మిరియం ఘాటుకు ముక్కు కారుతుంది, ఆ కారడం మంచిదే. చారు కాగుతున్నంతసేపూ గదిలో తేమ పెరుగుతుంది, మీటరు పెట్టి చూసుకో, నవ్వొస్తుంది. రాత్రి దగ్గు ఎక్కువగా ఉంటే పడుకునే ముందు ఒక చెంచా తేనె తీసుకో. దానికి రుజువు ఉంది. ఏడాది లోపు పసిపిల్లలకు మాత్రం తేనె పెట్టకూడదు, ఇది నీకు కాదు, నీ ఉత్తరం చదివే ఇతరుల కోసం.

పెరుగు తింటే కఫం పెరుగుతుందన్నది మనవాళ్ల గట్టి నమ్మకం. మా ఇంట్లోనూ ఉంది, మా ఆవిడ ముందు నేనూ వాదించను. జలుబు ఉన్నవాళ్లు ఎన్ని పాలు తాగారో రాయించి, పరిశోధకులు చీమిడిని తూచి మరీ చూశారు, పెరగలేదు. పాలపదార్థాలు లాలాజలంతో కలిసి గొంతులో కాసేపు చిక్కగా అనిపిస్తాయి, దాన్ని కఫం అనుకుంటాం. నీకు అలా అనిపిస్తే ఈ నాలుగు రోజులు మానేయి. లేకపోతే ఫ్రిజ్‌లోంచి తీసి చల్లదనం పోయాక పెరుగన్నం తిను. ఆకలి లేని రోజున కడుపులోకి పోయేది అదొక్కటే అయితే దాన్ని కూడా ఆపడం అన్యాయం. కాఫీ, టీ మానక్కర్లేదు. మధ్యాహ్నం రెండు తర్వాత మాత్రం వద్దు, ఎందుకో వెంటనే చెబుతాను.

నువ్వు ఎన్ని రోజులు పడుకోవాలని అడిగావు. మామూలు జలుబు రెండు మూడు రోజులకు ముదిరి, అక్కడి నుంచి దిగడం మొదలుపెడుతుంది. మొత్తం వారం పది రోజులు. నువ్వు ఇప్పుడు కొండ మీద ఉన్నావు, రేపో ఎల్లుండో దిగుతావు. ఇవాళా రేపూ క్లాసులకు పోకు. నీకోసమే కాదు, ఎదుటివాళ్లకు అంటించేది ఎక్కువగా ఈ మొదటి మూడు రోజుల్లోనే. కానీ విశ్రాంతి అంటే పగలంతా వెల్లకిలా పడుకోవడం కాదు. పడుకుంటే ముక్కు లోపలి పొరకు రక్తం ఎక్కువగా చేరి అది ఇంకా ఉబ్బుతుంది. నిలబడితే కొంచెం ఆడిన ముక్కు మంచం ఎక్కగానే మూసుకుపోవడం నువ్వు గమనించే ఉంటావు. అందుకని పగలు కుర్చీలో జారగిలబడి కూర్చో, గంటకోసారి లేచి ఇంట్లోనే నాలుగడుగులు వేయి. రాత్రి రెండు తలగడలు వేసి, తల ఒక్కటే కాకుండా భుజాలు కూడా లేచేలా సర్దుకో. తల ఒక్కటే లేస్తే మెడ పట్టేస్తుంది. ఒక పక్కకు తిరిగి పడుకుంటే కింది వైపు ముక్కు మూసుకుంటుంది, పై వైపు కొంత తెరుచుకుంటుంది. ఎక్కువ దిబ్బడగా ఉన్న వైపు పైకి వచ్చేలా తిరుగు. పదిహేను నిమిషాలు ఓపిక పట్టాలి.

అన్నిటికన్నా పనిచేసేది రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల నిద్ర. ఇక్కడే నాకు నీ ఫోను మీద అనుమానం. చలికాలంలో షికాగోకూ మనకూ పదకొండున్నర గంటల తేడా. అమ్మ వంట ముగించుకుని పొద్దున పదకొండున్నరకు తీరిగ్గా ఫోను చేస్తే నీకు అర్ధరాత్రి. ఆ మాటలు ఒంటిగంట దాకా సాగుతాయి. ఈ వారం ఆ వేళ మార్చు. నీకు పొద్దున ఎనిమిదైతే అక్కడ రాత్రి ఏడున్నర, అప్పుడు మాట్లాడుకోండి. కాఫీ వద్దన్నదీ ఈ నిద్ర కోసమే.

నీ పరిస్థితిలో నేనైతే ఇలా చేస్తాను. ఇవాళ సాయంత్రం మీటరు తెప్పించి, రెండు తువ్వాళ్లు ఆరేసి, షవరు ఆవిరి తర్వాత ఉప్పునీటి స్ప్రే, వాజిలిన్, తేనె, పదింటికి దీపం ఆర్పడం. నాలుగో రోజు కూడా ఇంట్లోనే. జ్వరం లేకుండా ఒక రోజు గడిచి, మెట్లు ఎక్కితే ఆయాసం లేకపోతే అయిదో రోజున మాస్కు పెట్టుకుని క్లాసుకు వెళ్లు, జిమ్ మాత్రం ఇంకో మూడు నాలుగు రోజులు వద్దు. చీమిడి ఈ మధ్యలో పసుపుగా, ఆకుపచ్చగా మారుతుంది. అది చూసి బెదిరి ఇండియా నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మింగకు. ఆ రంగు నీ తెల్ల రక్తకణాల నుంచి వచ్చేది, జలుబులో మామూలే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఒళ్లు నొప్పులుంటే పారాసిటమాల్ వేసుకో, అక్కడ దాన్ని అసిటమినోఫెన్ అంటారు. రాత్రి నిద్రకని అమ్మే జలుబు సిరప్పుల్లో కూడా అదే ఉంటుంది. డబ్బా వెనక చదవకుండా రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపై కాలేయం దెబ్బతింటుంది. ముక్కు దిబ్బడ వదిలించే మందు స్ప్రే వాడితే మూడు రోజులకు మించొద్దు, ఆ తర్వాత ఆ మందే దిబ్బడ తెస్తుంది. ఉప్పునీటి స్ప్రేకు ఈ పరిమితి లేదు. ముక్కులోకి నీళ్లు పోసి కడుక్కునే జలనేతి అలవాటు ఉంటే కుళాయి నీటితో నేరుగా చేయకు, మరిగించి చల్లార్చినవో డిస్టిల్డ్ నీళ్లో వాడు.

ఇంట్లో కూర్చుని చూసుకోవడం ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. ఉన్నట్టుండి 102, 103 జ్వరం, లేవలేనంత ఒళ్లు నొప్పులు వస్తే అది జలుబు కాకుండా ఫ్లూ కావచ్చు. దానికి మందు మొదటి రెండు రోజుల్లో వేస్తేనే బాగా పనిచేస్తుంది, కాబట్టి అదే రోజు మీ విశ్వవిద్యాలయం ఆరోగ్య కేంద్రానికి ఫోను చేయి. ఇంట్లో చేసుకునే కోవిడ్ పరీక్ష ఒకటి ఎలాగూ చేసుకో. ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, తాగినది నిలవకపోయినా తెల్లారేదాకా ఆగకు. తగ్గినట్టే తగ్గి ఏడో రోజున మళ్లీ జ్వరంతో తిరగబెడితే, ఒక వైపు బుగ్గ ఎముక కిందో పైపళ్లలోనో నొప్పి పట్టుకుంటే, చెవి పోటు మొదలైతే, పదో రోజుకూ ఏమాత్రం దిగకపోతే చూపించుకోవాలి. పొడి దగ్గు ఒక్కటే ఇంకో వారం పది రోజులు వెంటాడడం మామూలే. అప్పటికి మీటరు, తువ్వాళ్లు ఇంకా పనిలోనే ఉండాలి, ఎందుకంటే షికాగోలో చలి మార్చి దాకా పోదు. పోయాక, యంత్రం కొని ఉంటే తొట్టి కడిగి, రెండు రోజులు మూత తీసి పూర్తిగా ఆరబెట్టి పెట్టెలో పెట్టు. తడితో పెడితే వచ్చే నవంబరులో తీసేసరికి లోపల తోట పెరిగి ఉంటుంది.